రోజుకు పదివేలంటే నెలకు మూడు లక్షలేనా?

ఖతార్ సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం. డే రేటు రూ.10,000, రొటేషన్ 28/28. కాకినాడలోనో విశాఖలోనో ఉన్న కుర్రాడికి ఏజెంటు ఇలాంటి కబురు చెప్పగానే ఇంట్లోవాళ్లు పదివేలను ముప్ఫైతో హెచ్చవేసి, నెలకు మూడు లక్షలనేస్తారు. పెళ్లి సంబంధాల దగ్గరా అదే అంకె తిరుగుతుంది. నిజంగా వచ్చేది అందులో సగమే.

28/28 అంటే 28 రోజులు సముద్రం మీద పని, 28 రోజులు ఇంట్లో సెలవు. డే రేటు కాంట్రాక్టుల్లో సాధారణంగా పని రోజులకే జీతం, ఇంట్లో ఉన్నన్నాళ్లూ సున్నా. కాబట్టి లెక్క నెలతో మొదలుపెట్టకూడదు, మొత్తం చుట్టుతో మొదలుపెట్టాలి. ఒక చుట్టు 56 రోజులు, అందులో వచ్చేది రూ.2,80,000. 56తో భాగిస్తే రోజుకు 5,000. దాన్ని 365తో హెచ్చవేస్తే ఏడాదికి రూ.18,25,000. పన్నెండుతో భాగిస్తే నెలకు దాదాపు రూ.1,52,000.

ఇది సగటు మాత్రమే. బ్యాంకులో పడే డబ్బు ఇంత సాఫీగా ఉండదు, ఎందుకంటే 28 రోజుల చుట్టుకూ క్యాలెండర్‌లోని నెలకూ పొంతన కుదరదు. జనవరి 10న పనిలోకి ఎక్కాడనుకుందాం. ఫిబ్రవరి 6 దాకా పని, మార్చి 6 దాకా ఇల్లు, మళ్లీ మార్చి 7న ఎక్కుతాడు. కంపెనీ ఏ నెల పని రోజులకు ఆ నెల జీతం కడితే, జనవరిలో 22 రోజులకు రూ.2,20,000 వస్తుంది. ఫిబ్రవరిలో ఆరు రోజులకు 60,000. మార్చిలో రెండున్నర లక్షలు. ఏప్రిల్‌లో మూడు రోజులకు 30,000. మే 2 నుంచి 29 దాకా చుట్టంతా ఒకే నెలలో పడుతుంది కాబట్టి రూ.2,80,000. జూన్‌లో మళ్లీ నాలుగు రోజులకు 40,000. మే జీతం చూసి లక్షన్నర ఇంటి వాయిదా పెట్టుకున్నవాడికి జూన్‌లో ఊపిరాడదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు జీతం ఒక ఖాతాలో వేసుకుని, అందులోంచి ఇంటి ఖర్చుకు నెలనెలా ఒకే మొత్తం పంపిస్తారు. అదీ సగటు కంటే తక్కువే, ఎందుకంటే ప్రాజెక్టు ఆగి ఏడాదిలో ఒక్క చుట్టు తప్పినా రూ.2,80,000 పోయి, నెల సగటు రూ.1,29,000 దగ్గరికి దిగుతుంది.

రెండు ఉద్యోగాలను పోల్చేటప్పుడు కూడా ఈ చుట్టు లెక్కే వేయాలి. ఒకచోట 28/28కి 12,000 ఇస్తామన్నారు. ఇంకోచోట 56 రోజులు పని, 28 రోజులు సెలవు, రేటు 10,000. రేటు చూస్తే మొదటిదే మేలనిపిస్తుంది. కానీ మొదటిదాంట్లో ఏడాదికి రూ.21,90,000 వస్తే, రెండోదాంట్లో మూడింట రెండు వంతుల రోజులు పనే కాబట్టి 24 లక్షల పైచిలుకు వస్తుంది. ఆ తేడా కోసం ఇంట్లో ఉండే రోజులు 182 నుంచి 122కి తగ్గుతాయి. అది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన బేరం. కొన్ని కంపెనీలు సెలవుల్లోనూ సమానంగా జీతం ఇస్తాయి. అక్కడ రోజుకు 5,000 అన్నా ఏడాదికి వచ్చేది మన క్రేన్ ఆపరేటర్ ఆదాయమే.

సంతకం పెట్టేముందు అడగాల్సింది ఇంకొకటుంది: రేటు ఏ రోజు నుంచి మొదలవుతుంది? ఇల్లు వదిలిన రోజునుంచా, ప్లాట్‌ఫామ్ మీద కాలు పెట్టిన రోజునుంచా? గాలివాన వల్ల హెలికాప్టర్ ఎగరక మూడు రోజులు ఒడ్డునే హోటల్లో ఉంటే పూర్తి రేటా, సగమా, అసలేమీ లేదా? రిలీవర్ రాక ఐదు రోజులు అదనంగా పనిచేస్తే, ఆ ఐదు రోజుల డబ్బు వస్తుంది సరే, సెలవులో ఆ ఐదు రోజులు కోసేస్తారా? ఇవి కాగితం మీద లేకపోతే చుట్టుకు రెండు మూడు రోజులు ఇట్టే పోతాయి.

పన్ను దగ్గర అసలు మెలిక వస్తుంది. ఖతార్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఇక్కడ మాత్రం ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ, మన దేశంలో ఉంటే రెసిడెంట్ కింద లెక్క, అప్పుడు ఆ జీతం కూడా ఇక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. ఎన్నారై కావాలంటే 365 రోజుల ఏడాదిలో కనీసం 184 రోజులు బయట ఉండాలి. 28/28 వాళ్ల సగటు 182న్నర, అంటే సరిగ్గా అంచు మీద. ఏప్రిల్ 1న చుట్టులో ఎక్కడ ఉన్నాడన్నదాన్ని బట్టి ఒక ఏడాది పని రోజులు 169కి పడిపోవచ్చు, మరో ఏడాది 196 దాకా పెరగవచ్చు. రేటు మారదు, కంపెనీ మారదు. అయినా ఒక ఏడాది ఆ 18 లక్షల మీద పన్ను ఉండదు, మరుసటి ఏడాది ఉంటుంది. మార్చి నెలలో ఇంకో వారం ఉండమని కంపెనీ అడిగితే కొందరు ఎందుకు సంతోషంగా ఒప్పుకుంటారో, వాళ్ల పాస్‌పోర్టులోని ముద్రలు లెక్కపెడితే తెలుస్తుంది.