జవాబుకు ముందు ఐదు మెట్లు

ఆరో తరగతి లెక్క ఒకటి చూడండి. ఒక ట్యాంకులో మూడింట రెండు వంతుల నీళ్లున్నాయి. 40 లీటర్లు వాడేసరికి ట్యాంకు సగానికి వచ్చింది. ట్యాంకు నిండా ఎన్ని లీటర్లు పడతాయి?

ఎండాకాలం వస్తే అపార్ట్‌మెంటు గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్లు బారులు తీరే హైదరాబాద్‌ నల్లగండ్లలో ట్యాంకు సగానికి రావడమంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఈ లెక్క దగ్గర చాలామంది ఆగిపోతారు. అప్పుడే గచ్చిబౌలి నుంచో నానక్‌రామ్‌గూడ నుంచో ఇల్లు చేరిన అమ్మకో నాన్నకో రెండు అడ్డదారులు కనిపిస్తాయి. ఒకటి, తమ చిన్నప్పటి పద్ధతిలో ట్యాంకును x అనుకుని 2x/3 − 40 = x/2 అని రాసేయడం. ఇది పాపకు అందదు. 2024లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం 'గణిత ప్రకాశ్'లో భిన్నాలున్నాయి కానీ, అక్షరాలతో లెక్కలు ఏడో తరగతికి వెళ్లాయి. రెండో అడ్డదారి, పుస్తకం పేజీని ఫోన్‌తో ఫొటో తీయడం. 2014లో క్రొయేషియా నుంచి ఫొటోమ్యాత్ వచ్చినప్పటి నుంచి ఇది ఎవరైనా చేయగల పనే. ఏ దారిన వెళ్లినా 240 లీటర్లు అన్న జవాబు నిమిషంలో నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది. పాప ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది.

ఫొటో తీసినా జవాబు పైకి రాకుండా, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చిన సూచనలు మాత్రం పెద్దవాళ్ల చేతికి వస్తే ఎలా ఉంటుంది? ఇది పనిచేస్తుందా, ఎప్పుడు పనిచేయదు అన్నదానికి యాభై ఏళ్లుగా జరిగిన పరిశోధనల్లో కొంత సమాధానం ఉంది.

తల్లుల దగ్గర దొరికిన సూత్రం

1970లలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో డేవిడ్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు కొన్ని చెక్క ముక్కలు పెట్టాడు. వాటిని సరిగ్గా బిగిస్తే ఒక పిరమిడ్ తయారవుతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలు ఒంటరిగా చేయలేని పని అది. పక్కన తల్లిని కూర్చోబెట్టి, ఆమె ఎలా సాయం చేస్తుందో గమనించారు. ఆ సాయాన్ని ఐదు మెట్లుగా విడదీశారు. 'ఇప్పుడేం చేద్దాం?' అన్నట్టు ఊరికే ప్రోత్సహించడం మొదటి మెట్టు. ఎలాంటి ముక్క కావాలో చెప్పడం రెండోది. ఆ ముక్కను వేలితో చూపడం మూడోది. ముక్కను సరిగ్గా తిప్పి చేతికివ్వడం నాలుగోది. తానే బిగించి చూపడం ఐదోది.

ఎక్కువ సాయం చేసిన తల్లుల పిల్లలకో, తక్కువ సాయం చేసిన తల్లుల పిల్లలకో పని బాగా వచ్చిందని తేలలేదు. పిల్ల తడబడితే ఒక మెట్టు సాయం పెంచి, చేయగలిగితే ఒక మెట్టు తగ్గించిన తల్లుల పిల్లలు తర్వాత ఒంటరిగా ఎక్కువ చేయగలిగారు. సూచన ఎంత పెద్దదిగా ఉండాలన్నది సూచనలో లేదు, పిల్ల ఇప్పుడే చేసిన ప్రయత్నంలో ఉంది. హోంవర్క్ లెక్కకు మెట్లు కట్టేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ట్యాంకు లెక్కకు మెట్లు

ముందు పెద్దవాళ్లు జవాబు తెలుసుకుని సరిచూసుకోవాలి. 240లో మూడింట రెండు వంతులు 160. అందులో 40 పోతే 120, అంటే సరిగ్గా సగం. జవాబు సరైనదే. ఇక దాన్ని పక్కన పెట్టి, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ సూచనలు తయారు చేయాలి.

మొదటి మెట్టులో లెక్క గురించి ఏమీ చెప్పకూడదు. "లెక్క మళ్లీ ఒకసారి చదువు నాన్నా. మొదట ట్యాంకు ఎంతుంది, చివరికి ఎంతుంది, మధ్యలో ఏం జరిగింది?" అంటే చాలు. మాటల లెక్కల్లో ఆగిపోయిన పిల్లలు కొందరు ఇక్కడే కదులుతారు, ఎందుకంటే వాళ్లు అంకెలు చూశారు కానీ కథ చదవలేదు.

కదలకపోతే రెండో మెట్టు, బొమ్మ. "పొడవుగా ఒక డబ్బా గియ్యి. అదే నిండు ట్యాంకు. మూడింట రెండు వంతుల దగ్గర ఒక గీత, సగం దగ్గర ఒక గీత పెట్టు. ఆ 40 లీటర్లు ఇందులో ఎక్కడున్నాయి?" ఈ లెక్క గుండె ఇక్కడుంది. 40 లీటర్లంటే మొదట ఉన్న నీళ్లూ కాదు, చివరికి మిగిలిన నీళ్లూ కాదు, రెండు గీతల మధ్య ఉన్న పట్టీ. పాప వేలు ఆ పట్టీ మీద పడిందంటే సగానికి పైగా పని అయినట్టే.

మూడో మెట్టు ఆ పట్టీని కొలవడం గురించి. "ఈ పట్టీ మొత్తం డబ్బాలో ఎన్నో వంతు? మూడు భాగాలకూ రెండు భాగాలకూ సరిపోయేలా డబ్బాను సమానమైన ముక్కలు చేయాలంటే ఎన్ని ముక్కలు కావాలి?" ఇక్కడ 'ఎల్‌సీఎం తీసుకో' అని మాత్రం అనకూడదు. ఆ మాట వినగానే పాప 6 రాస్తుంది, కానీ ఆ ఆరు దేనిదో తనకు తెలియదు.

నాలుగో మెట్టులో ఇలాంటిదే మరో లెక్కను పూర్తిగా చేసి చూపాలి, అంకెలు మార్చి. ట్యాంకు నాలుగింట మూడు వంతులుంది, 50 లీటర్లు వాడాక సగానికి వచ్చింది. డబ్బాను నాలుగు ముక్కలు చేస్తే మొదట మూడు ముక్కలు నిండి ఉన్నాయి, చివరికి రెండు. తగ్గిన ఒక్క ముక్కే 50 లీటర్లు, నాలుగు ముక్కలు కలిపి 200. ఇది చూపి, పాపను తన లెక్క దగ్గరకు తిరిగి పంపాలి.

ఐదో మెట్టు అసలు లెక్కలోని మొదటి అడుగు మనమే వేయడం. డబ్బాను ఆరు ముక్కలు చేసి, నాలుగింటికి రంగు వేసి పెన్సిల్ చేతికివ్వాలి. మిగతాది పాప పని. 'ఆరో వంతు 40 కదా, ఆరుతో గుణించు' అంటే మెట్లన్నీ దిగి జవాబులో కాలు పెట్టినట్టే. సూచనను పరీక్షించడానికి ఒక తేలిక మార్గం ఉంది. లెక్క చదవకుండా, ఆ సూచన ఒక్కటే చూసి పిల్ల జవాబు రాసేయగలిగితే అది సూచన కాదు.

తప్పు జవాబే మెట్టు చెబుతుంది

పేజీ ఫొటోలో లెక్క ఉంటుంది కానీ పిల్ల ఆలోచన ఉండదు. అందుకే రఫ్ నోట్‌బుక్ పేజీని కూడా ఫొటో తీయాలి. ఈ లెక్కకు వచ్చే తప్పు జవాబుల్లో మూడు చాలా విషయం చెబుతాయి.

60 వచ్చిందంటే, 40 లీటర్లనే మూడింట రెండు వంతులు అనుకుంది. 80 వచ్చిందంటే, మిగిలిన సగమే 40 అనుకుంది. రెండూ కథను తప్పుగా చదివినవే కాబట్టి భిన్నాల పాఠం ఎత్తకూడదు, రెండో మెట్టు దగ్గర బొమ్మ గీయించాలి. ఇంకా తేలిక మార్గం, పాప జవాబును కథలోనే పెట్టి చూడమనడం. ట్యాంకు 60 లీటర్లదైతే అందులో మూడింట రెండు వంతులు 40, ఆ 40 వాడేస్తే ఏం మిగులుతుంది? ట్యాంకు ఖాళీ అవుతుంది, సగం మిగలదు. తప్పు తనకే కనిపిస్తుంది.

40 అన్న జవాబు కథ వేరు. 2/3లోంచి 1/2 తీసేటప్పుడు పైవి పైవాటిలోంచి, కిందివి కిందివాటిలోంచి తీసేస్తే 1/1 వస్తుంది, అంటే ట్యాంకు మొత్తం 40 లీటర్లే. ఈ పాపకు కథ బాగా అర్థమైంది, తప్పంతా తీసివేతలో ఉంది. ఆమెతో మళ్లీ డబ్బా గీయించి 40 లీటర్లు ఎక్కడున్నాయని అడిగితే విసుగు తప్ప లాభం లేదు. 'రెండు గీతలూ డబ్బా లోపలే ఉన్నాయి కదా, వాటి మధ్య పట్టీ పూర్తి డబ్బా ఎలా అవుతుంది?' అన్న ఒక్క ప్రశ్న చాలు, తర్వాత నేరుగా మూడో మెట్టుకు వెళ్లవచ్చు.

ఫోన్ ఎక్కడ తప్పుతుంది

మొదటి చిక్కు చదవడంలోనే. మసక వెలుతురులో తీసిన ఫొటోలో భిన్నం గీత ఎగిరిపోతే 2/3 కాస్తా 23 అవుతుంది. పేజీ అంచు మడతలో చివరి వాక్యం పోవచ్చు. అందుకే తెరమీద కనిపించిన లెక్కను పుస్తకంతో పోల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.

రెండో చిక్కు పిల్లల వైపు నుంచి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విన్సెంట్ అలెవెన్, కెన్నెత్ కోడింగర్ కంప్యూటర్‌తో జ్యామితి నేర్పే పద్ధతిని పరిశీలించినప్పుడు, సూచనలు మెట్లు మెట్లుగా ఉన్నా చాలామంది విద్యార్థులు మధ్యవి చదవకుండా చకచకా నొక్కుకుంటూ చివరి సూచనకు వెళ్లిపోయారని తేలింది. చివరి సూచనలో దాదాపు జవాబే ఉండేది. ఫోన్ పిల్ల చేతిలో కాకుండా పెద్దవాళ్ల చేతిలో ఉండాలనడానికి కారణం ఇదే. తర్వాతి మెట్టు తెరవాలంటే ముందు మెట్టు మీద పాప కాగితం మీద ఏదో ఒకటి గీసి చూపాలి, తప్పైనా సరే.

మూడో చిక్కు, అడగ్గానే జవాబు ఇచ్చేయడం. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులతో చేసిన గణిత ప్రయోగం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అడిగిందల్లా చెప్పే ఏఐ చాట్‌తో సాధన చేసినవాళ్లు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. ఆ సాయం తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ లేకుండా చదివినవాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. మరో బృందానికి సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐని అందించారు. సరైన జవాబూ, పిల్లలు సాధారణంగా చేసే తప్పులూ, వాటికి ఎలాంటి సూచన ఇవ్వాలన్నదీ ఉపాధ్యాయులు దానికి ముందే అందించారు. ఈ బృందం సాధనలో 127 శాతం మెరుగైంది, పరీక్షలో వెనకబడలేదు. అయితే ఏఐ లేనివాళ్లకంటే చెప్పుకోదగ్గంత ముందుకూ పోలేదు. సూచనలు నష్టాన్ని ఆపాయి, అంతవరకే.

మెట్లు పనిచేయని చోటు

సగమూ ఆరింట మూడు వంతులూ ఒకటేనని తెలియని పిల్లకు ఈ ఐదు మెట్లూ గోడలే. మూడో మెట్టు దగ్గర రెండుసార్లు ఆగితే లెక్క వదిలేసి, కాగితం మడతపెట్టి సమాన భిన్నాలు చూపడం మేలు. కొత్త విషయం మొదలుపెట్టేవాళ్లకు ప్రశ్నలకంటే పూర్తిగా చేసి చూపిన ఉదాహరణలే ఎక్కువ నేర్పుతాయని 1980లలో ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ బృందం చూపింది. అప్పుడు నాలుగో మెట్టు నుంచే మొదలుపెట్టినా తప్పులేదు.

సూచనలు పనిచేశాయో లేదో ఆ రాత్రి తెలియదు. మర్నాడు ఏ సాయమూ లేకుండా ఇలాంటిదే మరొకటి ఇవ్వాలి. బియ్యం డబ్బా నాలుగింట మూడు వంతులు నిండి ఉంది, రెండు కిలోలు వండాక మూడింట రెండు వంతులు మిగిలింది, డబ్బాలో మొత్తం ఎన్ని కిలోలు పడతాయి? జవాబు 24 కిలోలు. నిన్న నాలుగో మెట్టు దాకా వెళ్లిన పాప ఇవాళ రెండో మెట్టులో కదిలితే సాయం సరైన కొలతలో అందినట్టు. ఇవాళ కూడా నాలుగో మెట్టు దాకా రావాల్సి వస్తే, నిన్న మనం చెప్పినవి సూచనలు కావు, ముక్కలుగా కోసిన జవాబే.