స్ప్రింగ్ ఎలా ఆగుతుందో చెప్పే రెండు అంకెలు

బైకు ముందు ఫోర్కులో ఆయిల్ ఉందో లేదో చూడటానికి మెకానిక్ చేసే పని చాలా చిన్నది. ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిల్ మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదులుతాడు. బండి లేచి, ఒక్కసారి కొంచెం ఎక్కువగా పైకి వచ్చి సర్దుకుంటే బాగుందంటాడు. రెండు మూడు సార్లు ఊగితే ఆయిల్ పోయిందంటాడు. నొక్కినచోట నుంచి బద్ధకంగా, మెల్లగా లేస్తే లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి మ్యాథ్స్‌లో స్థిర గుణకాలున్న రెండో తరగతి రేఖీయ అవకలన సమీకరణం అనే పెద్ద పేరు కింద చదివేది ఈ తేడా గురించే. సహాయక సమీకరణం రాసి, మూలాలు కనుక్కుని, మూడు రకాల జవాబుల్లో ఒకటి దింపేయడం చాలామందికి వస్తుంది. ఆ మూలాలు బండి ఎలా లేస్తుందో చెబుతున్నాయని మాత్రం పరీక్ష అయిపోయేదాకా తట్టదు.

లెక్క సులువుగా సాగే స్ప్రింగ్ ఒకటి తీసుకుందాం. పైన కొక్కేనికి తగిలించిన స్ప్రింగుకు ఒక కిలో బరువు వేలాడదీస్తే అది 9.8 సెంటీమీటర్లు సాగి ఆగింది. కిలో మీద భూమి లాగే బలం 9.8 న్యూటన్లు కాబట్టి, మీటరు సాగదీయాలంటే 100 న్యూటన్లు కావాలి. అదే స్ప్రింగ్ స్థిరాంకం. సాగిన కొద్దీ బలం అదే నిష్పత్తిలో పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. ఇప్పుడు బరువుకు కింద ఆయిల్ నిండిన డ్యాంపర్ ఒకటి బిగిద్దాం. అది వేగాన్ని బట్టి అడ్డుపడుతుంది. సెకనుకు మీటరు వేగంతో కదిలితే 12 న్యూటన్ల బలంతో వెనక్కి పట్టుకుంటుందనుకుందాం.

బరువు ఆగిన చోటు నుంచి అది ఎంత దూరంలో ఉందో x అంటే, ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే వచ్చేది స్ప్రింగ్ బలం, డ్యాంపర్ బలం కలిపినంత. స్ప్రింగ్ బలం x కు, డ్యాంపర్ బలం వేగానికి ఎదురు తిరిగేవే కాబట్టి అన్నిటినీ ఒకవైపు తెస్తే ఇలా వస్తుంది:

x'' + 12x' + 100x = 0

ఇక్కడ ఎడమవైపున్న మూడు పదాలూ ప్రతి క్షణం ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా కావాలి. అలా కావాలంటే x, దాని వేగం, దాని త్వరణం మూడూ ఒకే ఆకారంలో ఉండటం మేలు. t² లాంటిదాన్ని అవకలనం చేస్తే ఘాతం తగ్గిపోతుంది, ఇక అది మొదటి పదాన్ని ఎక్కడ రద్దు చేస్తుంది? ఎన్నిసార్లు అవకలనం చేసినా తన రూపం మార్చుకోకుండా ముందు ఒక అంకె మాత్రం తగిలించుకునేది e^(rt). ఆయిలర్ 1743లో ఈ తరహా సమీకరణాలన్నిటికీ కలిపి ప్రచురించిన పద్ధతికి ఆధారం ఇదే. x = e^(rt) అని పెట్టి చూస్తే e^(rt) అన్ని పదాల్లోంచీ బయటికి వచ్చేస్తుంది. అది ఎప్పుడూ సున్నా కాదు గనుక మిగిలేది ఇంటర్లో నేర్చుకున్న వర్గ సమీకరణం:

r² + 12r + 100 = 0

కాలిక్యులస్ లెక్క కాస్తా బీజగణితం లెక్క అయింది. మూలాలు -6 + 8i, -6 - 8i.

కల్పిత సంఖ్య చూడగానే కంగారుపడేవాళ్లు ఎక్కువ. స్ప్రింగుకు i ఏమిటని అడగడం న్యాయమే. సమీకరణంలో గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలే కాబట్టి, సంకీర్ణ సాధనలోని వాస్తవ భాగం ఒక సాధన, కల్పిత భాగం మరో సాధన. అవి విడివిడిగా e^(-6t) cos 8t, e^(-6t) sin 8t. ఇందులో 8 అంటే ఊపు ఎంత త్వరగా తిరుగుతుందో, -6 అంటే ఆ ఊపు ఎంత త్వరగా చచ్చిపోతుందో. డ్యాంపర్ లేకపోతే మూలాలు 10i, -10i అయి బరువు సెకనుకు 10 రేడియన్ల చొప్పున ఆగకుండా ఊగేది. ఆయిల్ వేగాన్ని చంపడమే కాదు, ఊపు లయను కూడా 10 నుంచి 8కి దించింది.

బరువును 5 సెంటీమీటర్లు కిందికి లాగి, తోయకుండా వదిలితే x(0) = 5, x'(0) = 0. సాధారణ సాధన

x = e^(-6t)(A cos 8t + B sin 8t)

మొదటి షరతు A = 5 అని ఇస్తుంది. రెండోదాని దగ్గరే చేతులు జారతాయి. B ముందున్నది సైన్ కాబట్టి వేగం సున్నా అంటే B సున్నా అని రాసేస్తారు. e^(-6t)ని కూడా అవకలనం చేయాలి కదా! లబ్ధ సూత్రం వాడితే -6A + 8B = 0 వస్తుంది, అంటే B = 3.75. ఇలా వచ్చిన సాధన ప్రకారం బరువు 0.39 సెకన్లకు సమతాస్థితిని దాటి అవతల 0.47 సెంటీమీటర్ల దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాతి ఊపు అర మిల్లీమీటరు కన్నా తక్కువ. కంటికి ఒక్కసారి దాటి సర్దుకున్నట్టే కనిపిస్తుంది.

దాటనే కూడదంటే? ఆయిల్ చిక్కబడాలి. డ్యాంపర్ అంకెను 12 నుంచి 25కి పెంచితే r² + 25r + 100 = 0 అవుతుంది. మూలాలు -5, -20. రెండూ వాస్తవాలే, i మాయమైంది, దాంతో ఊపూ మాయమైంది. అవే షరతులతో x = (20/3)e^(-5t) - (5/3)e^(-20t). ఇందులో -20 పదం కన్ను మూసి తెరిచేలోగా అడుగంటిపోతుంది, తర్వాత జరిగేదంతా -5 చేతిలోనే ఉంటుంది. అర సెకను గడిచాక బరువు ఇంకా 0.55 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది.

ఇంకా ఆయిల్ చిక్కబరిస్తే ఇంకా త్వరగా ఆగుతుందనిపిస్తుంది. లెక్క దీనికి తిరగబడుతుంది. అంకెను 50 చేస్తే మూలాలు దాదాపు -2.1, -47.9. అర సెకను తర్వాత బరువు 1.8 సెంటీమీటర్ల దూరంలోనే ఈడుస్తూ ఉంటుంది. కారణం వర్గ సమీకరణంలోనే ఉంది. రెండు మూలాల లబ్ధం ఎప్పుడూ 100, అది స్ప్రింగూ బరువూ నిర్ణయించేది, ఆయిలుతో దానికి సంబంధం లేదు. ఒక మూలం సున్నాకు దూరంగా పరుగెడితే రెండోది తప్పనిసరిగా సున్నాకు దగ్గరికి రావాలి. ఆ దగ్గరికొచ్చినదే మొత్తం వ్యవహారాన్ని ఆలస్యం చేస్తుంది. మెకానిక్ చూసిన బద్ధకపు ఫోర్కు కథ ఇదే.

మధ్యలో సరిహద్దు ఒకటుంది. అంకె 20 దగ్గర విచక్షణి సున్నా అవుతుంది, రెండు మూలాలూ -10 వద్ద కలుస్తాయి. దీన్ని క్రిటికల్ డ్యాంపింగ్ అంటారు. ఇక్కడ Ae^(-10t) + Be^(-10t) అని రాస్తే పనికిరాదు, రెండూ కలిసి ఒకే పదం అవుతాయి, రెండు షరతులు తీర్చడానికి ఒకే స్థిరాంకం మిగులుతుంది. రెండో సాధన te^(-10t). దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు. మూలాలు రెండూ చాలా దగ్గరగా, ఒకటి కాకుండా ఉన్నాయనుకుంటే, ఆ రెండు ఘాతాంక ప్రమేయాల తేడాను మూలాల మధ్య దూరంతో భాగించినా అది సాధనే. ఆ దూరాన్ని సున్నాకు తెస్తే మిగిలేది te^(-10t). మన స్ప్రింగుకు x = (5 + 50t)e^(-10t). అర సెకనుకు మిగిలిన దూరం 0.2 సెంటీమీటర్లు, దాటడం అసలు లేదు. అలాగని బండ్లకు ఈ అంకెనే పెడతారనుకుంటే పొరపాటు. గుంతలో చక్రం వేగంగా కదిలినప్పుడు చిక్కటి ఆయిల్ ఆ కుదుపును నేరుగా సీటు దాకా మోసుకొస్తుంది. అందుకే అక్కడ సరిహద్దుకు బాగా కిందనే ఉంచుతారు, కొంచెం దాటినా ఫరవాలేదని.

ఇప్పటిదాకా భూమి లాగుడు లెక్కలోకి రాలేదు. x ను బరువు ఆగిన చోటు నుంచి కొలిచాం కాబట్టి అది తనంతట తాను తప్పుకుంది. దూరాన్ని బరువు తగిలించక ముందు స్ప్రింగ్ కొస ఉన్న చోటు నుంచి కొలిచి y అంటే, సెంటీమీటర్లలో

y'' + 12y' + 100y = 980

కుడివైపు సున్నా కాదు. స్థిర సంఖ్య కాబట్టి ఒక స్థిర సంఖ్యనే ప్రయత్నిస్తే 100y = 980, అంటే y = 9.8. విద్యార్థులు పి.ఐ. అని పిలుచుకునే ప్రత్యేక సాధన ఇది, బరువు చివరికి నిలబడే చోటు. సి.ఎఫ్. అనేది అక్కడికి చేరేదాకా సాగే ఊగిసలాట. మొత్తం జవాబు ఈ రెండింటి కూడిక.

ఈ కూడిక పూర్తయ్యాకే A, B కనుక్కోవాలి. వదిలినప్పుడు y = 14.8. తొందరపడి సి.ఎఫ్.లోనే t = 0 పెట్టి A = 14.8 అని రాసి, ఆ తర్వాత 9.8 కలిపితే బరువు 24.6 సెంటీమీటర్ల దగ్గర బయల్దేరినట్టు అవుతుంది. పట్టుకోవడం తేలిక: రాసిన జవాబులో t = 0 పెడితే ఇచ్చిన 14.8 తిరిగి రావాలి. పేపర్లు దిద్దేవాళ్లు మొదట చూసేదీ ఇదే.

ల్యాబులో లెక్క వెనక్కి నడుస్తుంది. డ్యాంపర్ మీద 12 అనో 20 అనో రాసి ఉండదు, ఊపుల్ని కొలిచి కనుక్కోవాలి. ఇదే కిలో బరువుకు పలుచని ఆయిలున్న వేరే డ్యాంపర్ కడితే, కిందివైపు ఊపులు వరసగా 5, 2.66, 1.41 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం, ఒక్కో ఊపుకీ 0.63 సెకన్లు. 5ను 2.66తో భాగించి సహజ లాగరిథం తీస్తే 0.63. దాన్ని కాలంతో భాగిస్తే 1. అంటే మూలంలో వాస్తవ భాగం -1, డ్యాంపర్ అంకె దానికి రెట్టింపు, 2. రెండో జత 2.66, 1.41తో చేసినా అదే రావాలి.

రాకపోతే తప్పు కొలతదే కాకపోవచ్చు. ఊపులు 5, 4, 3, 2 అని ఒకే మొత్తంలో తగ్గుతూ పోతే అక్కడ అడ్డుపడుతున్నది ఆయిల్ కాదు, ఏదో రాపిడి. రాపిడి బలం వేగంతో పాటు పెరగదు, దిశ మాత్రం మార్చుకుంటుంది. అప్పుడు x' ముందు స్థిర గుణకం పెట్టి రాసిన సమీకరణం ఆ స్ప్రింగుకు చెల్లదు. మూలాలు వెతకడం మాని, బరువు ఎక్కడ ఒరుసుకుంటోందో వెతకాలి.