నలభై ఒక్కరిలో మిగిలేది ఎవరు?

క్రీ.శ. 67లో రోమన్ సైన్యం గలిలయలోని యోద్‌ఫత్ పట్టణాన్ని పట్టుకుంది. యూదు సేనాని జోసెఫస్ మరో నలభై మందితో ఒక గుహలో చిక్కుకున్నాడు. లొంగిపోవడం కంటే ఒకరి చేతిలో ఒకరు చావడమే మేలని మిగతావాళ్లు పట్టుబట్టారు. చీట్లు వేసుకున్నామనీ, చివరికి తానూ మరొకడూ మిగిలామనీ ఆయనే తర్వాత రాశాడు. ఆ కథ కాలక్రమంలో ఒక లెక్కగా మారింది: 41 మంది గుండ్రంగా నిలబడ్డారు, ప్రతి మూడో మనిషీ తప్పుకోవాలి. ఎక్కడ నిలబడితే చివరిదాకా మిగులుతాం?

ముందు ఏడుగురితో చూద్దాం. వాళ్లకు 0 నుంచి 6 వరకు నంబర్లు ఇచ్చి, ఆట ఎలా జరుగుతుందో అలాగే కంప్యూటర్‌తో ఆడించవచ్చు.

```python
i = 0
while len(a) > 1:
    i = (i + k - 1) % len(a)
    a.pop(i)
```

`%` అంటే భాగించగా మిగిలే శేషం. వరస చివరికి చేరిన లెక్కను అదే మళ్లీ మొదటికి తిప్పుతుంది. `k` ఇక్కడ 3. అయినా రెండే కలుపుతున్నాం. ఒకరిని తీసేయగానే వెనకవాళ్లు ముందుకు జరుగుతారు కాబట్టి, `i` అప్పటికే తర్వాతి మనిషి మీద ఉంటుంది. ఆ 1 తీసేయడం మరిచిపోతే మొదటి అడుగులోనే 2కు బదులు 3 బయటికి పోతాడు, తప్పు అక్కడే దొరికిపోతుంది. సరిగ్గా నడిస్తే 2, 5, 1, 6, 4, 0 వరసగా వెళ్లిపోయి 3 మిగులుతాడు.

ఈ పద్ధతిలో ఖర్చంతా ఆ జరగడంలోనే ఉంది. జాబితా రెట్టింపైతే పని దాదాపు నాలుగింతలవుతుంది.

మనకు కావలసింది చివరివాడు ఒక్కడే అయితే జాబితా అక్కర్లేదు. ఏడుగురిలో 2 వెళ్లాక, లెక్క 3 నుంచి మొదలవుతుంది. అతనికి కొత్తగా 0 అని, తర్వాతివాళ్లకు 1, 2 అని నంబర్లు ఇస్తే, ఇక మిగిలింది ఆరుగురి ఆటే. ఆ ఆటలో గెలిచే నంబరు తెలిస్తే, దానికి 3 కలిపి 7తో భాగించిన శేషమే పాత నంబరు. ఆరుగురి జవాబు అయిదుగురి నుంచి, అది నలుగురి నుంచి వస్తుంది. ఒక్కడే ఉంటే జవాబు 0. అక్కడి నుంచి పైకి ఎక్కుతాం:

```python
r = 0
for m in range(2, n + 1):
    r = (r + k) % m
```

ఇద్దరి నుంచి ఏడుగురి దాకా `r` విలువలు 1, 1, 0, 3, 0, 3. అదే జవాబు. ఇక్కడ పూర్తిగా `k` కలుపుతాం, ఎందుకంటే మనిషిని తీయడం లేదు, నంబర్లు మారుస్తున్నాం. ఇదే లెక్కను 41 దాకా తీసుకెళ్తే 30 వస్తుంది, అంటే ఒకటి నుంచి లెక్కపెడితే 31వ చోటు. అయితే ఎవరి తర్వాత ఎవరు వెళ్లారో ఇది చెప్పదు. ఆ వరస కావాలంటే మొదటి పద్ధతికే వెళ్లాలి.

జోసెఫస్‌తో మిగిలిన రెండోవాడి చోటు మాత్రం ఇలాగే దొరుకుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు మూడో లెక్క 0 మీద పడుతుంది. కనుక ఇద్దరి దగ్గర 0తో మొదలుపెట్టి, ముగ్గురి నుంచి 41 దాకా అదే సూత్రం నడిపితే 15 వస్తుంది, అంటే 16వ చోటు.