ఆఫీసుకు రమ్మనే ఉత్తరం

2013 ఫిబ్రవరిలో యాహూ తన ఉద్యోగులకు ఒక ఉత్తరం పంపింది. జూన్ నుంచి ఇంటి దగ్గర పని ఉండదు, అందరూ ఆఫీసుకు రావాలి అని. బయటివాళ్లకు పంపొద్దని అందులో రాసినా వెంటనే పత్రికలకెక్కింది. నడవాలోనో క్యాంటీన్లోనో ఎదురుపడి మాట్లాడుకున్నప్పుడు మంచి ఆలోచనలు పుడతాయన్నారు. అది ఎవరైనా ఒప్పుకునే మాటే. కానీ ఆ వెంటే, ఇంటి నుంచి చేస్తే వేగం, నాణ్యత తరచూ దెబ్బతింటాయని కూడా అన్నారు. ఏళ్లుగా ఇంటి నుంచే ఒళ్లొంచి పనిచేసినవాళ్లకు అది కారణంలా కాదు, నిందలా వినిపించింది.

మాదాపూర్‌లో తెలిసినాయన ఒక చిన్న కంపెనీ నడుపుతారు. నిరుడు ఇలాంటి ఉత్తరమే రాసి నాకు చూపించారు. మొదటి వాక్యమే ‘పరస్పర సహకార సంస్కృతిని పెంపొందించే దిశగా’. చదవగానే నిద్రొచ్చింది.

“అసలేమైందండీ?” అన్నాను.

“కొత్తగా చేరిన ఆరుగురున్నారు. చిన్న సందేహానికి మెసేజ్ పెట్టి మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తున్నారు.”

“అదే రాయండి మరి.”

రాశారు. ‘మీ పనిలో లోపం లేదు. కొత్తవాళ్లకు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేరు. అందుకే వారానికి మూడు రోజులు రమ్మంటున్నాం.’

తేదీ దగ్గర ఇంకా చిక్కొచ్చింది. ఆయన అక్టోబరు 1 అనుకున్నారు. కరోనా నాటి నుంచి రాజమండ్రిలోనో విజయవాడలోనో ఉండిపోయినవాళ్లు చదువుల మధ్యలో పిల్లల్ని బడి మాన్పించి, ఇంటికి అడ్వాన్సు కట్టి హైదరాబాదుకు ఎలా వస్తారు? మన బళ్లు తెరిచేది జూన్‌లో. అందుకని అక్కడి నుంచి వచ్చేవాళ్లకు గడువు జూన్ దాకా పెంచి, నగరంలో ఉన్నవాళ్లను మాత్రం ముందు రమ్మన్నారు. మినహాయింపు కావాలంటే ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో కూడా రాశారు. ఆ రెండూ లేకపోతే ‘మీ ఇబ్బందులు మాకు తెలుసు’ అన్న మాట ఉత్త తీపి మాటే.

పసిపిల్లల తల్లుల సంగతి దయాదాక్షిణ్యాలకు వదిలేసేది కాదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఈయన దగ్గర 60 మంది ఉన్నారు, క్రెష్ లేదు. అది తెరిచాకే ఆ తల్లులకు తేదీ చెప్పమన్నాను.

ఉత్తరం పంపిన మర్నాడు మీటింగులో ఒకమ్మాయి లేచింది. “సార్, సీనియర్లు ఆఫీసుకొచ్చినా రోజంతా కాల్స్‌లోనే ఉంటే ఆ ఆరుగురూ ఎవర్ని అడగాలి?” కారణం తేటగా రాసినందుకే ఆ ప్రశ్న వచ్చింది. ఆయన కాసేపు తల గోక్కున్నారు. మరుసటి వారం నుంచి, ఆఫీసుకొచ్చే రోజుల్లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా కాల్స్ పెట్టొద్దని ఇంకో ఉత్తరం పంపారు.