లారీ క్యాబిన్‌లో డీజిల్ వాసన వస్తే

కెనడా మైదానాల్లో చలికాలపు రాత్రి మైనస్ 30 డిగ్రీలకు పడిపోవచ్చు. లారీ డ్రైవర్లు ఆ చలిలో క్యాబిన్‌లోనే పడుకుంటారు. తెల్లవార్లూ ఇంజను నడిపితే గంటకు మూడు లీటర్ల దాకా డీజిల్ ఖర్చవుతుంది. రెండు కిలోవాట్ల పార్కింగ్ హీటరుకు గంటకు పావు లీటరు చాలు.

హీటరులో మూసి ఉన్న చిన్న గదిలో డీజిల్ మండుతుంది. పంపు టిక్కుటిక్కుమంటూ చుక్కలు చుక్కలుగా డీజిల్ పంపిస్తుంది, గ్లో ప్లగ్ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది. మంటకు కావలసిన గాలి బయటినుంచి వచ్చి, పొగై బయటికే పోతుంది. క్యాబిన్‌ గాలి ఆ గది గోడలను పైనుంచి తాకి వేడెక్కుతుంది, అంతే. ఈ రెండు గాలులూ ఎక్కడా కలవకూడదు.

స్విచ్ వేశారు. పంపు శబ్దం వినిపిస్తోంది, బయటి గొట్టంలోంచి డీజిల్ వాసనతో దట్టమైన తెల్లపొగ వస్తోంది, వేడి మాత్రం లేదు. అంటే డీజిల్ చేరుతోంది గానీ అంటుకోవడం లేదు. చాలామంది వెంటనే కొత్త ప్లగ్ కొంటారు. దానికంటే ముందు, ప్లగ్ కాలుతున్నప్పుడే రెండుచోట్ల వోల్టేజి చూడాలి. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి హీటరు దగ్గర 10.3 చూపితే ప్లగ్ తప్పేమీ లేదు. సన్నటి వైరో, చిలుము పట్టిన ఫ్యూజు హోల్డరో, వదులైన ఎర్తో కరెంటును తినేస్తోంది. వోల్టేజి సరిగ్గానే ఉంటే అప్పుడు ప్లగ్ విప్పాలి. అది కూర్చునే గూట్లోని సన్నటి జల్లెడ మసితో మూసుకుపోయి ఉంటే కొత్త ప్లగ్గు పెట్టినా ఫలితం ఉండదు, రెండూ కలిపే మార్చాలి. ఈలోగా స్విచ్ మళ్లీమళ్లీ వేయకండి. మండని డీజిల్ లోపల పేరుకుని, తర్వాత ఒక్కసారిగా భగ్గుమంటుంది.

వాసన క్యాబిన్ లోపల వస్తే సంగతి వేరు. పచ్చి డీజిల్ వాసనయితే పంపు దగ్గరి రబ్బరు జాయింట్లు తడిగా ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి. పొగ వాసనయితే హీటరు ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చేయాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. కాబట్టి వాసన రాలేదని ధీమాగా ఉండటానికి వీల్లేదు.

పొగ గొట్టాన్ని క్యాబిన్ కిందే వదిలేయడం నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద పొరపాటు. గాలి లేని రాత్రి ఆ పొగ నేల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. గొట్టం క్యాబిన్ అంచు దాటి బయటికి రావాలి, మూతి కిందికి వాలాలి, హీటరు గాలి పీల్చే గొట్టానికి దూరంగా ఉండాలి. బాగా కాలుతుంది కాబట్టి బ్రేకు గాలి పైపులకు, వైర్లకు తగలకూడదు. నీరు నిలిచే పల్లపు చోట చిన్న రంధ్రం ఉండాలి, లేకపోతే గడ్డకట్టి దారి మూసేస్తుంది. చౌక సైలెన్సర్ల అతుకుల్లోంచి కూడా పొగ కారుతుంది. మంచు కురిసిన రాత్రి గొట్టం మూతి మంచులో కూరుకుపోయిందేమో దిగి చూడాలి.

ఇవన్నీ సరిచూసుకున్నా సరే, పడుకునే చోట తలకు దగ్గరగా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా హీటరు వేసుకుని నిద్రపోకండి.