సర్వర్ పడిపోయిన మర్నాడు రాయాల్సిన ఉత్తరం

2024 ఫిబ్రవరి 8న ‘హెల్‌డైవర్స్ 2’ అనే ఆట విడుదలైంది. తయారుచేసింది స్టాక్‌హోమ్‌లోని ఆరోహెడ్ గేమ్ స్టూడియోస్. అప్పటికి సుమారు వంద మంది పనిచేసే సంస్థ, ఈ రంగంలో చిన్నదే. అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చిపడ్డారు. కొందరికి లాగిన్ కాలేదు. కొందరు మిషన్ గెలిచినా బహుమతులు జమ కాలేదు. చివరికి ఒకేసారి ఆడేవాళ్ల సంఖ్యను సుమారు 4,50,000 దగ్గర ఆపేశారు. దాంతో లోపలికి వచ్చినవాళ్లు, మళ్లీ చోటు దొరకదన్న భయంతో, ఆడకపోయినా బయటికి పోలేదు. అప్పటి సంస్థ అధిపతి యోహాన్ పిలెస్టెట్, డబ్బుకు ఇబ్బందిగా ఉన్నవాళ్లు సర్వర్లు కుదుటపడేదాకా ఆట కొనకుండా ఆగమని అందరిముందే చెప్పాడు. ఒక క్షమాపణలో అంతకన్నా నిజాయితీ ఏముంటుంది?

అయితే పరిహారం దగ్గర చిక్కు వచ్చింది. తర్వాతి వారాంతంలో ఆడినవాళ్లకు అదనపు పాయింట్లు ప్రకటించారు. నష్టపోయిందేమో లోపలికి రాలేకపోయినవాళ్లు. పాయింట్లు దక్కేదేమో లోపలికి రాగలిగినవాళ్లకు. పైగా బోనస్ అంటే ఇంకొంతమంది వస్తారు, క్యూ ఇంకా పెరుగుతుంది. నా దృష్టిలో పరిహారం రాసే ప్రతి డెవలపరూ ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇదే: ఎవరు ఏం పోగొట్టుకున్నారు?

ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే చిన్న మొబైల్ ఆటను ఊహించుకుందాం. శనివారం సాయంత్రం డేటాబేస్ ఉన్న డిస్కు పాడైంది. ఉత్తరం ఇలా మొదలవ్వాలి:

“శనివారం సాయంత్రం 7.10 నుంచి రాత్రి 1.25 దాకా మీరు ఆడలేకపోయారు. తప్పు మాదే, క్షమించండి. డేటాకు ఎప్పటికప్పుడు తయారయ్యే రెండో కాపీ కొన్నాళ్ల కిందటే ఆగిపోయింది. ఆగితే హెచ్చరించే అలారం మేం పెట్టుకోలేదు. అందుకే 6.40 నాటి బ్యాకప్ నుంచి ఆటను తిరిగి తెచ్చాం. 6.40 నుంచి 7.10 వరకు మీరు సాధించినవి వెనక్కి రావు.”

“అనివార్య సాంకేతిక కారణాల వల్ల” అని రాస్తే ఆటగాడికి తెలిసేది శూన్యం. పై ఉత్తరం చదివితే తన కత్తి ఎందుకు మాయమైందో అర్థమవుతుంది.

ఆ అరగంటలో పోయినవాటిలో డబ్బు పెట్టి కొన్నవాటిని పూర్తిగా తిరిగి ఇవ్వచ్చు. ఆట డేటాబేస్‌లో నమోదు పోయినా, గూగుల్ ప్లే, యాప్ స్టోర్‌ల దగ్గర ప్రతి కొనుగోలుకూ ఆర్డర్ నంబర్ ఉంటుంది. వాటితో సరిచూసి, కొన్నవన్నీ ఎవరూ అడగకముందే ఖాతాల్లో వేయాలి. కష్టపడి గెలుచుకున్న అరుదైన కత్తి సంగతి వేరు. దానికి సాక్ష్యం మిగల్లేదు, స్క్రీన్‌షాట్లను ఎవరైనా తయారుచేయగలరు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి కాదంటే కొత్త గొడవ. లాగిన్ రికార్డులు వేరే మెషీన్‌లో ఉంటే ఆ అరగంటలో ఎవరెవరు ఆటలో ఉన్నారో తెలుస్తుంది. వాళ్లందరికీ సమానంగా ఒక బహుమతి ఇచ్చి, పోయినదానికి ఇది సరితూగదని ఒప్పుకోవడమే మర్యాద.

ఆట ఆగిన ఆరుగంటల పావుకు లెక్క ఇంకోలా ఉంటుంది. ఆదివారం సాయంత్రం 7కు ముగియాల్సిన ఈవెంట్‌ను ఆరుగంటల పావు పొడిగిస్తే అంకెలు సరిపోతాయి. కానీ శనివారం రాత్రి ఆడదామనుకున్నవాడు ఆదివారం అర్ధరాత్రి దాకా మేలుకుని ఆడగలడా? మర్నాడు ఆఫీసు, కాలేజీ ఉంటాయి. వాళ్లు పోగొట్టుకున్నది సెలవురోజు సాయంత్రం. కాబట్టి ఈవెంట్‌ను వచ్చే శనివారం రాత్రి దాకా నడపాలి. రోజూ లాగిన్ అయినందుకు లెక్కపెట్టే స్ట్రీక్ ఎవరికీ తెగకుండా ఆ శనివారాన్ని ఆడినట్టే నమోదు చేయాలి.

ఇక మిగిలింది అందరికీ ఇచ్చే జెమ్స్. ఇక్కడ చెయ్యి జారితే ప్రమాదం. ఆటలో సంత ఉండి, జెమ్స్‌తో ఒకరికొకరు వస్తువులు అమ్ముకునే వీలుంటే, అందరి చేతికీ ఒక్కసారి జెమ్స్ వచ్చేసరికి ధరలు ఎగబాకుతాయి. నిన్నటిదాకా కూడబెట్టుకున్నవాడి పొదుపు కరిగిపోతుంది. పరిహారం ప్రకటించగానే కొత్త ఖాతాలు తెరిచి జెమ్స్ పోగేసేవాళ్లూ ఉంటారు. అందుకే సంతలో చెల్లని, మార్పిడికి వీల్లేని వస్తువు ఇవ్వడం మేలు. 7.10కి ముందు తెరిచిన ఖాతాలకే అది వర్తిస్తుందని ఉత్తరంలో రాయాలి.

తీసుకోవడానికి గడువు కూడా చెప్పాలి. రెండు రోజులు పెడితే పరీక్షల్లో ఉన్న పిల్లలు, ఊళ్లకు వెళ్లినవాళ్లు తప్పిపోతారు. ఆటలోని ఇన్‌బాక్స్‌లో నెల రోజులు ఉంచితే అదనపు ఖర్చేమీ ఉండదు.