ఎక్కడానికో గీత, దిగడానికో గీత

1934లో అమెరికాలో ఒట్టో ష్మిట్ అనే పరిశోధక విద్యార్థి స్క్విడ్ నరాల్లో స్పందన ఎలా సాగుతుందో అధ్యయనం చేస్తూ, వాక్యూమ్ ట్యూబులతో ఒక సర్క్యూట్ కట్టాడు. వోల్టేజి పై గీత దాటితే అది ఆన్ అవుతుంది. ఆఫ్ కావాలంటే ఇంకా కిందున్న మరో గీత దాకా దిగాలి. నడుమ ఉన్నంతసేపూ పాత స్థితినే పట్టుకుని ఉంటుంది. ఈ గుణాన్నే హిస్టెరిసిస్ అంటారు. 1938లో ప్రచురితమైన ఆ సర్క్యూట్‌కు ష్మిట్ ట్రిగర్ అని పేరు.

ఫోన్లకు అలర్టులు పంపే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే కావాలి.

ఉదాహరణకు టీకాల ఫ్రిజ్‌ను తీసుకుందాం. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. 8 దగ్గర ఒకే గీత గీశామనుకుందాం. సెన్సర్ నిమిషానికోసారి 7.9, 8.1, 7.9, 8.1 అని చెబుతుంటే ఫ్రిజ్‌లో మార్పేమీ లేకపోయినా గంటలో దాదాపు 60 మెసేజ్‌లు వస్తాయి. సిబ్బంది ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

8 దాటితే అలర్ట్, 7 కిందికి వస్తేనే 'సర్దుకుంది' అని పెడితే ఆ గంటకు మెసేజ్ ఒక్కటే. ఈ రెండు గీతల ఎడం సెన్సర్ ఊగిసలాటకన్నా ఎక్కువుండాలి. రీడింగ్ 0.2 డిగ్రీలు ఊగుతుంటే 0.1 ఎడం ఎందుకూ పనికిరాదు. అలాగని దిగే గీతను 4 దగ్గర పెడితే, మామూలుగా 4, 6 మధ్య నడిచే ఫ్రిజ్‌కు అలర్ట్ ఎన్నటికీ తీరదు. అందుకే ముందు ఒక రోజు రీడింగులు రాసుకుని, ఊగిసలాట ఎంతో చూసుకోవాలి.

రెండో కాపలా కూల్‌డౌన్. ఒకసారి మెసేజ్ వెళ్లాక, అదే సెన్సర్ నుంచి అదే అలర్ట్‌ను 30 నిమిషాలు ఆపుతుంది. ఆపేది మెసేజ్‌నే, కొలతను కాదు. ఈ తేడా మరచి రాసిన ప్రోగ్రాం చాలా ప్రమాదకరం. 8.1 దగ్గర మెసేజ్ వెళ్లింది, పది నిమిషాలకు కరెంటు పోయి 12కు చేరింది. అప్పుడు కూల్‌డౌన్ నోరు మూయించకూడదు. తీవ్రత పెరిగితే గడువుతో పనిలేకుండా మెసేజ్ వెళ్లాలి. గడువులోపల స్థితి మారితే గడువు ముగియగానే తాజా స్థితి చెప్పాలి.

ఈ రెండూ తీర్చలేని జబ్బు వదులైన వైరు. చవగ్గా దొరికే DS18B20 సెన్సర్‌కు కరెంటు తెగి తిరిగొస్తే, కొత్తగా కొలిచేదాకా దాని మెమరీలో 85 డిగ్రీలని ఉంటుంది. 6 నుంచి ఒక్క నిమిషంలో 85కు ఎగబాకే ఫ్రిజ్ లేదు. ఎడం ఎంత పెంచినా ఆ దూకుడు ఆగదు. అలాంటి రీడింగును లెక్కలోంచి తీసేసి, 'సెన్సర్ చూడండి' అని వేరే మెసేజ్ పంపాలి.

మీ దగ్గర అలర్ట్ లాగ్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఒకే సెన్సర్ పేరు మీద అలర్ట్, సర్దుబాటు జంటలుగా వరసకట్టి ఉంటే, కూల్‌డౌన్ పెంచే ముందు గీతల ఎడం సరిపోతోందో చూసి, ఆ సెన్సర్ వైరు బిగించండి.